జాగ్రత్త: "కిలో పిండికి లీటరున్నర నీళ్లు, 3 కిలోల కూరగాయలకు సరిపోతుంది" అని రాసిన బజ్జీ పిండి కొనేముందు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో వేడుకలకు సొంతంగా బజ్జీలు వేసుకునే మనవాళ్ల కోసం ఈ పోస్టు. హోల్‌సేల్ అంగళ్లలో కిలో, 5 కిలోల సంచుల్లో 'బజ్జీ-బోండా పిండి' దొరుకుతోంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే రకం కొలత రెండు మూడు రకాల సంచుల మీద కనిపిస్తోంది. కిలో పిండిలో లీటరున్నర నీళ్లు పోయమనీ, అది 3 కిలోల కూరగాయలకు వస్తుందనీ, పకోడీకి కూడా ఇదే కలుపు అనీ దాని మీద ఉంటుంది. ఈ మూడు మాటలూ తప్పే. నమ్మి కొన్నవాళ్లకు పిండి జారిపోయింది, నూనె తాగింది, సగంలో అయిపోయింది.

ముందు నీళ్ల సంగతి. బజ్జీకి కిలో పిండి అంటే శనగపిండి, బియ్యప్పిండి కలిపి కిలో. దానికి 1.1 నుంచి 1.2 లీటర్ల నీళ్లు పడతాయి. బాగా మెత్తగా ఆడించిన పిండి కాస్త ఎక్కువ తాగుతుంది, కాస్త బరక ఉన్నది తక్కువ తాగుతుంది, అందుకే ఆ తేడా. ఇందులో బియ్యప్పిండి 100 నుంచి 150 గ్రాములు ఉంటే కరకర బాగుంటుంది. అంతకు మించితే చల్లారాక బజ్జీ గట్టిపడుతుంది. నీళ్లు ఒకేసారి పోయకూడదు. ముందు లీటరుకు కాస్త తక్కువ పోసి, ఉండలు లేకుండా బాగా గిలకొట్టి, 15 నిమిషాలు పక్కన పెట్టాలి. ఈలోపు పిండి నీటిని పీల్చుకుని చిక్కబడుతుంది. అప్పుడు చూసి మిగతా నీళ్లు కొద్దికొద్దిగా పోసుకోవాలి. కలిపిన వెంటనే సరిగ్గా ఉన్నట్టు కనిపించిన పిండి, పావుగంట తర్వాత చూస్తే గట్టిగా ఉంటుంది. తొందరపడి ముందే నీళ్లన్నీ పోసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం సులువే. అరటికాయ ముక్కను ముంచి పైకెత్తితే పిండి ముక్కంతా పట్టుకుని, కింద ఒక్క బొట్టు మెల్లగా కారి ఆగిపోవాలి. ఆగకుండా తీగలా కారుతుంటే పలచన. అసలు కారకపోతే గట్టి. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి.

లీటరున్నర పోస్తే ఏమవుతుందో చూడండి. కిలోకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు అదనం. ఆ నీళ్లు తినేవి కావు, బాణలిలో ఆవిరై పోవాల్సిందే. అవి పోయేటప్పుడు నూనె చిటపటలాడి నురుగు కడుతుంది, వేడి పడిపోతుంది. పిండి పొర పలచనై చిల్లులు పడుతుంది. వేడి తగ్గిన నూనె, చిల్లుల పొర రెండూ కలిస్తే బజ్జీ నూనెను పీల్చుకుంటుంది. మిరపకాయ బజ్జీ ఒకవైపు బోసిగా బయటికొస్తే దానికి కారణం మిరపకాయ కాదు, నీళ్లు. 'పిండి ఎక్కువ వస్తుంది' అని సంచి మీద ఆశపెట్టేది కూడా ఈ నీళ్లనే లెక్కలో కలిపి.

కప్పుల్లో కొలిచేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 240 మిల్లీలీటర్ల కప్పులో జల్లించిన శనగపిండి సుమారు 100 గ్రాములే పడుతుంది, అదిమి నింపితే 120 గ్రాములు దాటుతుంది. అదే కప్పు నీళ్లు మాత్రం 240 గ్రాములు. కాబట్టి 'కప్పుకు కప్పు' అంటే చారు అవుతుంది. కప్పు పిండికి అరకప్పు కంటే కాస్త తక్కువ నీళ్లతో మొదలుపెట్టి, చూసుకుని ఒకటి రెండు చెంచాలు పోసుకోవాలి. ఎక్కువమందికి చేసేటప్పుడు కప్పులు పక్కన పెట్టి కాటా వాడండి.

ఇక 3 కిలోల కూరగాయల మాట. పిండి ఎంత పడుతుందన్నది కూరగాయ బరువును బట్టి ఉండదు, దాని పైపొర ఎంత ఉందో దాన్ని బట్టి ఉంటుంది. చెక్కు తీసిన అరటికాయ కిలో తీసుకుని 3 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోస్తే, రెండు వైపులా కలిపి 6,600 చదరపు సెంటీమీటర్ల దాకా పైపొర వస్తుంది. దాని మీద ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల పూత పడాలంటే కిలో నుంచి 1.3 కిలోల కలిపిన పిండి కావాలి. అదే కాయను 5 మిల్లీమీటర్ల మందంగా కోస్తే 600 నుంచి 800 గ్రాములు చాలు. అంటే కత్తి పట్టుకున్నవాళ్ల చేతిని బట్టే పిండి లెక్క దాదాపు సగానికి సగం మారిపోతుంది. బజ్జీ మిరపకాయలు కిలోకు సుమారు 35 తూగుతాయి. పూత మందంగా కావాలి కాబట్టి ఒక్కోదానికి 25 నుంచి 30 గ్రాములు పట్టి, కిలోకు కిలో దాకా వెళ్తుంది. కిలో పిండితో 3 కిలోలు చేయాలంటే పొర ఉన్నా లేనట్టే.

ఒక వేడుక లెక్క వేసి చూద్దాం. అరటికాయ 2 కిలోలు (చెక్కు తీశాక, 3 మిల్లీమీటర్ల బిళ్లలు), మిరపకాయలు 2 కిలోలు. సంచి మాట ప్రకారం 4 కిలోలకు 1.33 కిలోల పిండి చాలు, కాస్త మిగులు ఉంటుందని 1.5 కిలోలు కొంటారు. అసలు లెక్క వేరు. అరటికాయకు కిలోకు 1.1 చొప్పున 2.2 కిలోలు, మిరపకాయకు 2 కిలోలు, మొత్తం 4.2 కిలోల కలిపిన పిండి. గిన్నెకు అంటుకునేదీ, నూనెలో రాలేదీ కలిపి పదో వంతు వేసుకుంటే 4.6 కిలోలు. కిలో పిండికి 1.15 లీటర్ల నీళ్లు పోస్తే 2.15 కిలోల కలుపు వస్తుంది కదా, 4.6ను దానితో భాగిస్తే దాదాపు 2.15 కిలోల పొడిపిండి. అందులో శనగపిండి 1.9, బియ్యప్పిండి పావుకిలో. ఉన్నది 1.5 కిలోలు, కావలసింది 2.15. ఆరున్నర వందల గ్రాములు తక్కువ, అదీ అతిథులు వచ్చేశాక తెలుస్తుంది.

ఇప్పటికే ఆ సంచి కొని లీటరున్నర పోసేసినవాళ్లు కంగారుపడి మైదా గుప్పించకండి, బజ్జీ సాగుతుంది. శనగపిండినే జల్లించి కలపండి. పై ఉదాహరణలో 1.5 కిలోలకు 2.25 లీటర్లు పోశారు. అన్ని నీళ్లకు 1.96 కిలోల పిండి కావాలి, అంటే ఇంకో 460 గ్రాములు. పొడిపిండి నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. ఉన్న కలుపులోంచి కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని, అందులో పొడిపిండి ముద్దలా కలిపి, ఆ ముద్దను తిరిగి పెద్ద గిన్నెలో కరిగించాలి. నల్లబడకుండా నీళ్లలో వేసిన అరటి ముక్కలను గుడ్డతో బాగా తుడిచి ముంచండి. తడి ముక్క మీద ఎంత మంచి పిండైనా జారుతుంది.

ఇలాంటి సంచుల్లో ఉప్పు, వంటసోడా ముందే కలిపి ఉంటాయి. అలవాటు కొద్దీ మళ్లీ వేస్తే రెట్టింపవుతాయి. సోడా కిలో పిండికి 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటితే బజ్జీ ఎర్రగా మారి, లోపల గుల్లయి, నూనె గుంజుతుంది.

పకోడీకి ఇదే కలుపు అన్నది మరీ దారుణం. గట్టి పకోడీకి నీళ్లు ఉల్లిపాయే ఇస్తుంది. కిలో సన్నగా తరిగిన ఉల్లిపాయలకు 10 నుంచి 12 గ్రాముల ఉప్పు పట్టించి, చేత్తో పిసికి పావుగంట వదిలేయాలి. ఆ తడిలోనే 400 గ్రాముల శనగపిండి, 100 గ్రాముల బియ్యప్పిండి, రెండు మూడు చెంచాల వేడి నూనె వేసి కలపాలి. పొడి మిగిలితే చిలకరించేంత నీళ్లు, మహా అయితే 100 మిల్లీలీటర్లు. కొత్త ఉల్లిపాయలకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు. మెత్తటి పకోడీ కావాలంటే నీళ్లు ఇంకాస్త పడతాయి గానీ, అప్పుడు కూడా బజ్జీ పిండిలా కారకూడదు.

ఇక సంచిలో ఏముందన్నది. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలని నియమం. మొదటి పేరు శనగపిండి కాకుండా బఠాణీ పిండో, మైదానో, మొక్కజొన్న పిండో అయితే పైన చెప్పిన లెక్కలు దానికి వర్తించవు, శనగపిండి ధర ఇవ్వనూ అక్కర్లేదు. అంగట్లో 'కడలె హిట్టు' అని అడగండి. 'హురిగడలె హిట్టు' అంటే పుట్నాల పిండి, అది వేయించినది కాబట్టి బజ్జీకి పనికిరాదు.

మైదా కలిసిందేమో ఇంట్లో చూసుకోవచ్చు. గుప్పెడు పిండిని ముద్ద చేసి, అరగంట ఆగి, సన్నటి ధార కింద కడగండి. శనగపిండి మొత్తం కరిగిపోతుంది. మైదా తగినంత ఉంటే రబ్బరులా సాగే జిగురు చేతిలో మిగులుతుంది. అయోడిన్ చుక్క వేసి నీలం రంగు వస్తే కల్తీ అంటున్నవాళ్ల మాట మాత్రం పట్టించుకోకండి. శనగల్లోనే పిండిపదార్థం బోలెడుంది, శుద్ధమైన పిండి కూడా నీలమవుతుంది. బఠాణీ పిండి కలిస్తే ఇంట్లో తేల్చడం కష్టం, అది లాబ్‌లోనే తేలుతుంది.

పెద్ద మొత్తం కొనేముందు కిలో సంచి ఒకటి తెచ్చి, 100 గ్రాముల పిండిలో 115 మిల్లీలీటర్లు పోసి, పావుగంటయ్యాక ఒక ముక్క ముంచి చూడండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు బిల్లు, ఖాళీ సంచి, దాని మీది 14 అంకెల లైసెన్సు నంబరు ఫొటో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కల్తీ అని గట్టి అనుమానం ఉంటే 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు, కల్తీ తేలితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. అయితే పరీక్షకు పంపుతున్నామని కొనేటప్పుడే అంగడివాడికి చెప్పాలి. ఇంట్లో సగం వాడిన సంచికి ఆ సెక్షన్ పనిచేయదు, కొత్తది కొనాల్సిందే.