నిటారు వానలో నడుస్తుంటే గొడుగు నిలువుగా పట్టాలా, ముందుకు వంచాలా?

గాలి లేని వాన నేలకు నిటారుగానే పడుతుంది. నడిచేవాడికి మాత్రం ఎదురుగా ఏటవాలుగా వచ్చి తగులుతుంది. గొడుగు పట్టాల్సింది ఈ రెండో దిశకే.

లెక్క చిన్నది. వాన వేగంలోంచి మన వేగాన్ని సదిశగా తీసివేయాలి. తీసివేయడమంటే మన వేగాన్ని వెనక్కి తిప్పి వానకు కలపడమే. ఇంటర్ పిల్లలు చాలామంది తిప్పకుండానే కలిపేసి, గొడుగును వెనక్కి వంచుతారు! నిలువు నుంచి కొలిచే వాలు కోణం θ అయితే:

tan θ = నడక వేగం / చినుకు వేగం

మామూలు నడక గంటకు 5 కిలోమీటర్లు, అంటే సెకనుకు 1.4 మీటర్లు. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో పడుతుంది. 1.4/6.5 అంటే 0.215, కోణం 12 డిగ్రీలు. అర మిల్లీమీటరు తుంపర వేగం సెకనుకు 2 మీటర్లే, కాబట్టి కోణం 35 డిగ్రీలకు పెరుగుతుంది. కుండపోతకు భయపడతాం గానీ, నడిచేవాడి మీదకు ఎక్కువ ఏటవాలుగా వచ్చేది తుంపరే.

ఇక గొడుగు. దాని అంచు మనకు అర మీటరు ముందుకు, నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. నిలువుగా పడితే, అంచు పక్కనుంచి జారిన పెద్ద చినుకు 0.28 సెకన్లలో నేల చేరుతుంది. ఈలోగా మనం ముందుకు జరిగేది 39 సెంటీమీటర్లే. ఒళ్లు తడవదు, ముందుకు వేసిన పాదం తడిస్తే తడవచ్చు. ఈ వానకు నిలువుగా పట్టినా పెద్ద నష్టం లేదు, కాస్త వంచితే ఇంకా మంచిది. అదే తుంపరైతే, మనం ఆ అర మీటరు నడిచేలోగా చినుకు 70 సెంటీమీటర్లే దిగుతుంది. నడుము దగ్గర నుంచి కిందంతా తడే. ఇక్కడ వంచి పట్టడమే మేలు, సందేహం లేదు.

ఎంత వంచాలో కోణమానిని లేకుండానే తెలుస్తుంది. ప్యాంటు ముందువైపు మోకాళ్లు తడుస్తుంటే వంపు చాలలేదు. దారి కనిపించనంత కిందికి దించితే మాత్రం వాన సంగతేమో గానీ ఎదురొచ్చే బండి టెన్షన్ పట్టుకుంటుంది. తుంపరలోనైనా చూపుకు అడ్డం రానంత వరకే వంచి, మిగతా తడిని భరించడం నయం.

వంపుకు ఇంకో ఇబ్బంది ఉంది. 60 సెంటీమీటర్ల కాడను 35 డిగ్రీలు వంచితే గొడుగు మొత్తం 34 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది, వెనక అంచు వీపుకు దగ్గరగా వచ్చేస్తుంది. నడుస్తున్నంతసేపూ చినుకులు వెనక్కి వాలుతూ పడతాయి కాబట్టి వీపుకు ఏమీ కాదు. సిగ్నల్ దగ్గర ఆగామా, మన వేగం సున్నా, వాన మళ్లీ నిటారు. అప్పుడు గొడుగు నిలబెట్టకపోతే వీపు మీది బ్యాగు తడుస్తుంది.