ఆరేళ్లుగా వాడుతున్న ఇంకుడు గుంత: రెండోసారి కుదిరిన లెక్క

ఇప్పుడున్నది మా రెండో గుంత. మొదటిది ఐదు నెలలకే పొంగింది, కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

ఇంట్లో నలుగురం. స్నానాలు, బట్టలు, గిన్నెలు కలిపి రోజుకు ఎన్ని నీళ్లు బయటికి పోతున్నాయో వారం పాటు బకెట్లతో లెక్కపెడితే సుమారు 300 లీటర్లు తేలింది. మరుగుదొడ్డి నీళ్లు ఇందులో కలవవు. మేస్త్రీ అందరికీ తవ్వే కొలతే మాకూ తవ్వాడు: పొడవు, వెడల్పు, లోతు ఒక్కో మీటరు. పైపు పైనుంచి 20 సెంటీమీటర్ల కింద కలుస్తుంది కాబట్టి పనికొచ్చే లోతు 0.8 మీటరు. కంకర నింపాక రాళ్ల మధ్య ఖాళీ 40 శాతం దాకా ఉంటుంది, అంటే 320 లీటర్లు పడుతుంది. ఒక రోజు నీళ్లు పట్టేస్తున్నాయి కదా, చాలనుకున్నాను. నా తప్పు అక్కడే. గుంతకు ఎన్ని నీళ్లు పడతాయన్నది కాదు, దాని గోడలు రోజుకు ఎన్ని తాగుతాయన్నది చూడాలి.

పైగా ఇంకుడు పరీక్ష కూడా నన్ను మోసం చేసింది. జానెడున్నర గొయ్యి తీసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున మళ్లీ నింపి చూస్తే అరగంటలో 25 మిల్లీమీటర్లు దిగింది. ఆ వేగాన్ని అలాగే రోజుకు గుణిస్తే చదరపు మీటరుకు 1200 లీటర్లు! కానీ అది మంచినీళ్లు, కొత్త మట్టి. సబ్బు, జిడ్డు, వెంట్రుకలు, అన్నం గంజి కలిసిన నీళ్లు కొన్ని నెలలు పారాక గోడ మీద సూక్ష్మజీవులు పెరిగి జిగట పొర కడుతుంది. ఆ తర్వాత ఇసుక కలిసిన గరప నేల తాగేది చదరపు మీటరుకు రోజుకు 25 లీటర్లు అనుకుని లెక్క వేసుకోవాలి. ముతక ఇసుకకైతే 50 దాకా వేసుకోవచ్చు. గట్టి ఒండ్రుకు 10. నల్లరేగడిలో ఈ పద్ధతి పెట్టుకోకపోవడమే మేలు. అడుగు భాగం మడ్డితో త్వరగా మూసుకుపోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. నా పాత గుంత గోడలు నాలుగూ కలిపి 3.2 చదరపు మీటర్లు. రోజుకు 80 లీటర్లు తాగే గుంతలోకి 300 పంపాను!

పొంగాక తవ్వి చూస్తే కంకర నల్లగా, జారుడుగా ఉంది. గోడకు సెంటీమీటరు మందాన నల్లటి పొర. దాన్ని గీకి ఇంకో జానెడు లోపలికి తవ్వితే మట్టి మామూలు తేమతోనే ఉంది. అంటే నేల నిండిపోలేదు, నీళ్లు దాన్ని చేరడమే లేదు.

రెండోసారి లెక్క తిప్పి వేశాను. 300ని 25తో భాగిస్తే 12 చదరపు మీటర్ల గోడ కావాలి. 2 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి గుంతకు చుట్టుకొలత 6.28 మీటర్లు, కాబట్టి పైపు కింద 1.9 మీటర్ల లోతు. అంత లోతు తవ్వే ముందు నీటిమట్టం ఎక్కడుందో చూసుకోవాలి. వర్షాకాలంలో కూడా గుంత అడుగుకీ దానికీ కనీసం 1.5 మీటర్ల ఎడం ఉండాలి. మా దగ్గర అది కుదిరింది. కుదరకపోతే మీటరు లోతున 6 మీటర్ల పొడవు కందకం తవ్వినా రెండు పక్క గోడలతో అదే 12 వస్తుంది.

కంకర విషయంలో మేస్త్రీతో వాదన పడింది. పెద్ద రాళ్లు, చిన్న కంకర, పైన ఇసుక అని మూడు పొరలు వేద్దామన్నాడు. ఇసుక పైన నీళ్లు పడితే మొదట మూసుకుపోయేది ఆ ఇసుకే. అందుకే అంతా 40 మిల్లీమీటర్ల కంకరే, దుమ్ము పోయేదాకా కడిగి వేయించాను. రాయి నీళ్లను తాగదు, గోడ కూలకుండా పట్టుకుంటుంది, అంతే. పైన నీళ్లు వదిలే గుడ్డ పరిచి మట్టి కప్పాం. మధ్యలో చిల్లుల పైపు ఒకటి నిలబెట్టాను. ఆరేళ్లలో నాకు బాగా ఉపయోగపడింది ఆ పైపే.

నెలకోసారి పొద్దున్నే, నీళ్లు వాడకముందు అందులో కర్ర దింపి కొలుస్తాను. మొదటి ఏడాది అడుగున తడి మాత్రమే. మూడో ఏడాదికి 30 సెంటీమీటర్లు నిలబడ్డాయి. ఇప్పుడు ఎండాకాలంలో 70, వానల్లో 1.5 మీటర్ల దాకా. 1.5 మీటర్లంటే తడిసే గోడ 9.4 చదరపు మీటర్లు. 300ని దానితో భాగిస్తే 32. అంటే 25 అనుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు. ఒకసారి మూడు వారాలు ఊళ్లో లేం. తిరిగొచ్చాక చాలా రోజుల వరకు మట్టం మునుపటి కంటే తక్కువే ఉంది. నీళ్లు రాకపోతే ఆ జిగట పొర ఎండి చితికిపోతుందన్నమాట.

లోపం చెప్పాలంటే, కంకరతో నిండిన గుంతను శుభ్రం చేయలేం. గుంతకు ముందున్న జిడ్డు తొట్టిని పది రోజులకోసారి ఎత్తిపోయాల్సిందే. రెండు నెలలు బద్ధకించినప్పుడు మట్టం ఒక్కసారిగా 20 సెంటీమీటర్లు లేచింది. మళ్లీ కట్టేదుంటే సందులు వదిలిన ఇటుక వరస కట్టి, కంకర దాని వెనక మాత్రమే వేసి, లోపల ఖాళీగా ఉంచుతాను. ఈ వానల్లో కర్ర మీద తడి 1.7 మీటర్లు దాటితే పక్కన రెండో గుంత తవ్వించి, ఆరు నెలలకోసారి నీళ్లు అటూ ఇటూ మార్చాలని ఉంది.