ఫొటోలో ఉన్నది మొజాయికా, టైల్సా? డిజైన్ నమ్మాలా, జాయింటు నమ్మాలా?

హన్మకొండలోనో వరంగల్‌లోనో పాత ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఫోన్‌కు వచ్చిన ఫొటో చూపించి ఇదే అడుగుతుంటారు. చాలామంది కన్ను ముందు డిజైన్ మీదికి పోతుంది. నేనైతే జాయింటునే నమ్మమంటాను. ఇప్పుడు విట్రిఫైడ్ టైల్ మీద మొజాయిక్ చిప్స్, గ్రానైట్ గింజ ఏదైనా ప్రింటు వేస్తున్నారు.

ఒక హాలు ఫొటో అనుకుందాం: తెల్లటి నేల, నలుపు, గోధుమ రంగు చిప్స్. ముందు దర్వాజ దగ్గర పలకలు లెక్కపెట్టండి. దర్వాజ 3 అడుగులదైతే, ఆ వెడల్పులో ఒకటిన్నర పలక పడితే అది 2 అడుగుల టైల్, అంటే విట్రిఫైడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. మూడు నుంచి మూడున్నరకు కాస్త పైదాకా పడితే 12 లేదా 10 అంగుళాల పాత మొజాయిక్ పలక కావచ్చు. దూరం పోయేకొద్దీ పలకలు చిన్నగా కనబడతాయి కాబట్టి గడప పక్క వరుసనే లెక్కించాలి.

తర్వాత జాయింటు అంచున చిప్స్ చూడండి. పాత మొజాయిక్ పలకను అచ్చులో పోస్తారు, చిప్స్ అచ్చు లోపలే సర్దుకుంటాయి. అందుకే అంచు దగ్గర రాయి కత్తితో కోసినట్టు తెగి ఉండదు. ప్రింటు టైల్‌లో చిప్పు అంచు దగ్గర నిటారుగా తెగిపోతుంది, పక్క టైల్‌లో దాని మిగతా సగం ఉండదు. ఒక పెద్ద చిప్పును గుర్తుపెట్టుకుని వేరే టైల్స్‌లో వెతకండి. అదే ఆకారం తిప్పి వేసినా సరే మళ్లీ దొరికితే అది ప్రింటే. మొత్తం నేలను అక్కడికక్కడే పోసిన మొజాయిక్ అయితే పలకల బదులు గాజు పట్టీలతో విడదీసిన పెద్ద గడులుంటాయి.

కిటికీ ప్రతిబింబం కూడా సాక్ష్యమే. మొజాయిక్‌ను పరిచాక మిషన్‌తో అరగదీస్తారు, అందుకే ప్రతిబింబం జాయింటు దాటినా విరగదు. టైల్స్‌లో ఒకటి కొద్దిగా ఎత్తు, ఒకటి పల్లం ఉంటే జాయింటు దగ్గర మెట్టు పడినట్టు విరుగుతుంది. బాగా పరిచిన టైల్స్‌లో ఇది కనబడకపోవచ్చు, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకోవద్దు.

గ్రానైట్ సులువే. కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటి రాయిలో పలకలు పెద్దవి, కొలతలు గదికి తగ్గట్టు కోసినవి, గింజ ఎక్కడా మళ్లీ రాదు. ఎర్ర గచ్చుకు పలకల జాయింట్లే ఉండవు. గీసిన గీతలు ఉన్నా రంగు ఒకచోట ముదురు, ఒకచోట లేత, సన్న పగుళ్లు గీతలను లెక్కచేయకుండా వంకరగా పోతాయి.

వాట్సాప్‌లో కుదించిన ఫొటోలో సన్న జాయింటు మాయమవుతుంది. అలాంటిదానితో తీర్పు చెప్పకండి. గడప దగ్గర కూర్చుని, ఫోన్ నేలకు అడుగు ఎత్తులో పెట్టి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి, నాలుగు పలకలు కలిసే మూలను తీసి, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమనండి.