చెక్‌అవుట్ ఆగిపోతే తప్పు ఎక్కడ వెతకాలి: లైవ్ సైట్‌లోనా, ట్రబుల్‌షూటింగ్ మోడ్‌లోనా, స్టేజింగ్‌లోనా?

హన్మకొండలో ఇంటి నుంచే గొల్లభామ, పోచంపల్లి చీరలు అమ్మే ఒక అక్క వర్డ్‌ప్రెస్ సైట్‌ను నేనే చూసుకుంటాను. సరిగ్గా బతుకమ్మ గిరాకీ మొదలయ్యే వేళ ఆమె ఫోన్ చేసింది. "తమ్మీ, చీర కార్ట్‌ల పడుతుందట, పైసలు కట్టే కాడ ఆగిపోతుందట. నేను చూస్తే మంచిగనే ఉంది" అంది. అంతకు ముందు రాత్రి కొన్ని ప్లగిన్‌లు వాటంతటవే అప్‌డేట్ అయ్యాయి. అంటే రెండు ప్లగిన్‌లకు ఎక్కడో పొసగడం లేదు. అవేవో ఎలా పట్టుకోవాలి?

చాలామంది మొదట చేసే పని, లైవ్ సైట్‌లోనే అన్ని ప్లగిన్‌లూ ఆపేసి ఒక్కొక్కటే ఆన్ చేయడం. దొంగ తొందరగానే దొరుకుతుంది, కానీ చీరల షాపుకు ఇది ప్రమాదం. కస్టమర్ యూపీఐలో డబ్బు కట్టగానే, కట్టారన్న కబురు పేమెంట్ గేట్‌వే నుంచి మన సైట్‌కు వస్తుంది. ఆ కబురు అందుకునేది పేమెంట్ ప్లగినే. సరిగ్గా అప్పుడే దాన్ని ఆపేసి ఉంటే డబ్బు వెళ్లిపోతుంది, ఆర్డర్ మాత్రం Pending payment లోనే ఉంటుంది. స్టాక్ లెక్క పెట్టుకున్న షాపుల్లో, సెట్టింగ్ మార్చకపోతే, 60 నిమిషాలు దాటాక, షాపు నడిపే వూకామర్స్ ప్లగిన్ అలాంటి ఆర్డర్‌ను రద్దు చేసి చీరను మళ్లీ అమ్మకానికి వదులుతుంది. చేనేత చీరల్లో చాలావరకు ఒక రంగుకు ఒక్కటే పీసు. అదే చీరకు ఇద్దరు డబ్బు కట్టేస్తే ఎవరికి పంపాలి? ఇక గేట్‌వే ఖాతా తెరిచి, వచ్చిన డబ్బుకూ సైట్‌లోని ఆర్డర్లకూ లెక్క సరిచూసుకుంటూ కూర్చోవాలి. అందుకే గిరాకీ వేళ ఈ దారి వద్దంటాను.

రెండోది Health Check & Troubleshooting అనే ఉచిత ప్లగిన్. అందులో ట్రబుల్‌షూటింగ్ మోడ్ ఆన్ చేస్తే ప్లగిన్‌లు మన లాగిన్‌కు మాత్రమే ఆగిపోతాయి. కస్టమర్లకు సైట్ ఎప్పటిలాగే ఉంటుంది, గేట్‌వే కబుర్లూ అందుతూనే ఉంటాయి. ముందు వూకామర్స్, తర్వాత పేమెంట్ ప్లగిన్, ఆ తర్వాత మిగతావి ఒక్కొక్కటే కలుపుతూ చెక్‌అవుట్ చూడాలి. చాలా గొడవలు ఇక్కడే బయటపడతాయి.

అక్క సైట్‌లో బయటపడలేదు. అన్నీ కలిపినా ఆర్డర్ చక్కగా వెళ్లింది. కారణం ఆమె మాటలోనే ఉంది: ఆమెకూ "మంచిగనే ఉంది". ఇద్దరం లాగిన్ అయి చూస్తున్నాం. కాష్, స్పీడ్ ప్లగిన్‌లు చాలావరకు లాగిన్ అయినవాళ్ల జోలికి రావు, వాటి పనంతా బయటివాళ్లకు చూపే పేజీల మీదే. కాబట్టి తప్పు ఆ రకం ప్లగిన్‌లో ఉంటే ఈ మోడ్‌కు కనిపించకపోవచ్చు.

ఇన్‌కాగ్నిటో విండోలో కస్టమర్ లాగా ఆర్డర్ పెట్టాను. Place order నొక్కితే డబ్బు కట్టే పేజీ వచ్చింది, పేమెంట్ విండో తెరుచుకోలేదు. F12 నొక్కి కన్సోల్ చూస్తే ఎర్రగా ఈ లైను:

```
Uncaught ReferenceError: jQuery is not defined
```

స్పీడ్ ప్లగిన్ అప్‌డేట్ తర్వాత, పేమెంట్ స్క్రిప్టు ఆధారపడే jQuery ఆలస్యంగా లోడ్ అవుతోంది. పేమెంట్ ప్లగిన్ స్క్రిప్టు దానికంటే ముందే పరుగు మొదలుపెట్టి ఆగిపోతోంది. అనుమానం తీర్చుకోవడానికి, పేజీ అడ్రస్‌కు చేర్చి ఆ ఒక్క పేజీకే స్పీడ్ పనులు ఆపే మాట చాలా ప్లగిన్‌లలో ఉంటుంది. Autoptimize వాడేవాళ్లు అడ్రస్ చివర `?ao_noptimize=1` చేర్చాలి. అడ్రస్‌లో అప్పటికే `?key=` ఉంటే `?` బదులు `&` పెట్టాలి. అక్క వాడే ప్లగిన్‌కు తగిన మాట చేర్చగానే పేమెంట్ విండో తెరుచుకుంది. ఆ ప్లగిన్ సెట్టింగ్స్‌లో చెక్‌అవుట్ పేజీలను, jQuery ని మినహాయించి కాష్ ఖాళీ చేశాం. ఆలోపు Pending లో చిక్కుకున్న ఆర్డర్ల వాళ్లకు అక్కే ఫోన్ చేసి, మళ్లీ కట్టమని లింక్ పంపింది.

మూడోది స్టేజింగ్, అంటే సైట్‌కు నకలు తీసి అందులో వెతకడం. ఎంత పాడుచేసినా భయం లేదు. కానీ కస్టమర్ల వివరాలు కూడా నకలులోకి వస్తాయి కాబట్టి, ముందే ఈమెయిళ్లు ఆపి గేట్‌వేను టెస్ట్ మోడ్‌లో పెట్టాలి. హోస్టింగ్ వాళ్ల కాష్ అక్కడ వేరుగా ఉంటే తప్పు అసలు కనిపించకపోవచ్చు. దొరికిన మార్పును లైవ్‌లో చేత్తో మళ్లీ చేయాలి తప్ప నకలు డేటాబేస్‌ను లైవ్ మీద పరచకూడదు. మధ్యలో వచ్చిన ఆర్డర్లన్నీ పోతాయి.

చిన్న షాపుకు నా ఓటు ఈ వరుసకే: ముందు ఇన్‌కాగ్నిటో, కన్సోల్, తర్వాత ట్రబుల్‌షూటింగ్ మోడ్, రెండూ తేల్చకపోతేనే స్టేజింగ్. పండగకు ముందు అప్‌డేట్లు వేసి చూసుకోవడానికి మాత్రం స్టేజింగే మేలు. అక్క సైట్‌లో ఆటో అప్‌డేట్లు ఆపేశాం, ఇప్పుడు ప్రతి అప్‌డేట్ ముందు నకలులో వేసి, లాగిన్ లేకుండా ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టి చూస్తున్నాం.