సెంటర్‌లో గ్రూపా, స్కూల్లో గ్రూపా? ఆటిజం పిల్లలకి ఏది మేలు?

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, హైదరాబాద్‌లో సోషల్ స్కిల్స్ గ్రూపులు నడుపుతుంటా. "మేడం, శనివారం మీ సెంటర్‌కి తీసుకురమ్మంటారా, స్కూల్లోనే ఏమైనా పెట్టించమంటారా" అని పేరెంట్స్ అడుగుతుంటారు. ఇదివరకైతే ఆలోచించకుండా సెంటరే అనేదాన్ని, మూడో క్లాసు బాబు ఒకడు వచ్చాక ఆ మాట అంత ఈజీగా రావట్లేదు.

వాడికి స్కూల్లో లాక్ అండ్ కీ ఆడాలని ఉంది, ఎలా కలవాలో తెలీదు, గ్రౌండ్ గోడ పక్కనే నిలబడి చూస్తుంటాడు. సెంటర్‌లో మేము నలుగురు పిల్లల్ని పెట్టి, దగ్గరకెళ్ళి ఆగి చూడు, తర్వాత "నేను కూడా ఆడొచ్చా?" అని అడుగు అని నేర్పాం. ఆరు వారాలకి పది ఛాన్సుల్లో ఎనిమిదిసార్లు బాగా చేశాడు. వాళ్ళమ్మ హ్యాపీ, నేను హ్యాపీ.

స్కూల్లో మాత్రం సీన్ వేరు. గ్రూపు మొదలుపెట్టకముందే నాలుగు రోజులు బ్రేక్‌లో వాడిని లెక్కగట్టి పెట్టాం (ఇది ముందే చేయాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు). పది నిమిషాలు, ప్రతి అర నిమిషానికి ఫోన్ వైబ్రేట్ అవుతుంది, ఆ క్షణంలో వాడు ఇంకొకరితో ఆటలో ఉన్నాడా ఒంటరిగా ఉన్నాడా అని టిక్ పెట్టడమే, అంటే మొత్తం ఇరవై టిక్కులు. మొదట్లో ఇరవైలో 2, 3, 2, 3. ఆరు వారాల సెంటర్ తర్వాత 3, 2, 4. అదే గ్రౌండ్‌లో వాడి క్లాస్‌మేట్ ఒకడిని కూడా చూశాం, వాడికి 16 వచ్చింది. ఇది లేకపోతే 4 అంటే ఎక్కువా తక్కువా అన్నది ఎలా తెలుస్తుంది చెప్పండి.

ఎందుకు రాలేదా అని గ్రౌండ్‌లో నిలబడి చూస్తే తప్పు మాదే. ఆ పిల్లల్లో ఎవ్వరూ "నేను కూడా ఆడొచ్చా" అనరు! పంటలు వేసుకునేటప్పుడు వచ్చి చెయ్యి పెట్టేస్తారు అంతే, ఆట మొదలయ్యాక అడిగితే "నెక్స్ట్ గేమ్ రా" అంటారు. మా వాడు రూల్ ప్రకారం ఆగి చూసి, పంటలు అయిపోయాక అడుగుతున్నాడు పాపం. ఇంకోటి, సెంటర్‌లో ఒప్పుకునే పిల్లలు వేరు, ఇక్కడున్న పిల్లలు వేరు, వీళ్ళకి వాడి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

తర్వాత స్కూల్‌ని బతిమాలి, వాడి క్లాసులోంచే ముగ్గురు పిల్లల్ని తీసుకుని, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు లంచ్‌లో గ్రూపు పెట్టాం. నేర్పింది ఎక్కువగా ఆ ముగ్గురికే, పంటలప్పుడు పేరు పెట్టి పిలవడం, ఎవరన్నా గోడ దగ్గర ఉంటే ఎలా గమనించాలి, "వద్దు" అంటే వదిలెయ్యడం. వీడికి నేర్పింది ఒక్కటే, టైమ్‌కి వచ్చి చెయ్యి పెట్టడం. నాలుగు వారాలకి 7, 9, 8.

ఇది మా ఒక్కడి కథే కాదు. అమెరికాలో కోనీ కసారి అనే రీసెర్చర్ టీమ్ 2012లో 60 మంది ఆటిజం పిల్లలతో స్కూళ్ళలోనే పోల్చి చూస్తే, పిల్లాడికి విడిగా నేర్పడం కంటే క్లాస్‌మేట్స్‌కి నేర్పిన పద్ధతిలో గ్రౌండ్‌లో ఒంటరితనం ఎక్కువ తగ్గింది.

ఇక కొలిచే విషయం. చాలా సెంటర్లలో పేరెంట్‌తో రేటింగ్ ఫారం నింపించి "ఇంప్రూవ్‌మెంట్ వచ్చింది" అంటారు. ఫారం చవక, తొందరగా అయిపోతుంది, కానీ ఫీజు కట్టి ప్రతి శనివారం ట్రాఫిక్‌లో తిప్పిన అమ్మ తక్కువ మార్కులు ఎలా వేస్తుంది? పిల్లాడిని అడిగితే ఏం చేయాలో చెప్పగలడు, అది తెలియడం, చేయడం కాదు. టీచర్ ఫారం కొంచెం నయం, కానీ బ్రేక్‌లో ఆవిడ స్టాఫ్ రూమ్‌లో ఉంటుంది కదా. నేనైతే టిక్కులకే ఓటు, ఫారం పక్కన ఉంటే ఉండనీ. టిక్కులు పెట్టేది మాత్రం గ్రూపు నడిపేవాళ్ళు కాకూడదు. నేను గ్రౌండ్‌లో కనిపించిన రోజు మా వాడికి 11 వచ్చింది, నన్ను చూడగానే క్లాసు గుర్తొచ్చి చేసేశాడు. ఆ రోజు లెక్క కొట్టేశాం, తర్వాత పీఈటీ సార్‌కి నేర్పి ఆయనతో పెట్టించాం.

అలాగని సెంటర్ దండగ అనను. స్కూల్ ఒప్పుకోకపోయినా, క్లాసులో ఏడిపించే బ్యాచ్ ఉన్నా, ఆట రూల్సే ఇంకా తెలియకపోయినా ముందు సెంటర్‌లో నాలుగైదు వారాలు మేలు, కాకపోతే వెళ్ళి ఆ స్కూల్ గ్రౌండ్ చూసొచ్చి అక్కడి మాటలే నేర్పమనండి. మిగతా అందరికీ స్కూలే. పిల్లాడికి ఆడాలని లేకపోతే మాత్రం రెండూ వద్దు, బ్రేక్‌లో ఒంటరిగా ఉయ్యాల ఊగడం వాడికి రెస్ట్ కావచ్చు, ముందు వాడినే అడగండి.

మా వాడికి ఇంకా ఒకటి మిగిలింది. గేమ్స్ పీరియడ్‌లో ఆ ముగ్గురూ లేని టీమ్‌లో పడితే టిక్కులు 5 దగ్గరే ఆగిపోతున్నాయి. వచ్చే టర్మ్‌లో ఇద్దరు కొత్త పిల్లల్ని గ్రూపులో మారుస్తున్నాం, వేసవి సెలవుల తర్వాత మళ్ళీ లెక్కపెట్టాలి.