నాలుగేళ్ళుగా కథలు దిద్దుతున్న నా రూబ్రిక్: గొంతు వరుస, నిర్మాణం వరుస

పిల్లల చేత కథ రాయించడం తేలిక, దాన్ని దిద్దడమే తంటా. వ్యాసమైతే ఏయే అంశాలు రావాలో ముందే తెలుసు. కథకు 20కి 14 వేశాక "ఎందుకు 14, సార్?" అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. అందుకని నాలుగేళ్ళ కిందట ఒక రూబ్రిక్, అంటే దేన్ని చూసి ఎన్ని మార్కులు వేయాలో చెప్పే పట్టిక, తయారు చేసుకున్నాను. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు రాసే 600 పదాల కథకు అది కొలత. కథ "నేను" అంటూ సాగాలి, జరిగేది ఒకే సంఘటన కావాలి. ఇప్పటికి దాన్ని మూడుసార్లు తిరగరాశాను.

మొదటి రూపంలో ఐదు వరుసలు: సృజనాత్మకత, గొంతు, నిర్మాణం, భాష, శుభ్రత. ఒక్కోదానికి 10 మార్కులు. గడుల్లో "అద్భుతం", "చాలా బాగుంది", "బాగుంది", "ఫర్వాలేదు" అని రాసుకున్నాను. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. నిజానికి అది మార్కుల్నే మాటల్లో రాసుకోవడం. సృజనాత్మకత వరుసలో నేను వేసినవన్నీ దాదాపు 6, 7లే. దేన్ని చూసి వేయాలో నాకే తెలియనప్పుడు మధ్యలో ఆగిపోవడం సహజం. రెండో ఏడు ఆ వరుసను పీకేశాను. ఇంతవరకూ దాని లోటు తెలియలేదు.

నా గోల పాతదేనని తర్వాత తెలిసింది. 1961లో అమెరికాలో పాల్ డీడెరిక్, మరో ఇద్దరు కలిసి విద్యార్థుల వ్యాసాలు 300 తీసుకుని, వేర్వేరు రంగాలకు చెందిన 53 మందికి ఇచ్చారు. ఏం చూడాలో చెప్పకుండా, మీకు తోచినట్టు తొమ్మిది శ్రేణులుగా విడదీయమన్నారు. 94 శాతం వ్యాసాలకు కనీసం ఏడు రకాల శ్రేణులు పడ్డాయి! తర్వాత ఆ పాఠకుల వ్యాఖ్యల్ని పరిశీలిస్తే వాళ్ళు ఐదు గుంపులుగా తేలారు. కొందరు ఆలోచనలు చూస్తున్నారు, కొందరు కూర్పు చూస్తున్నారు, ఒక గుంపు రాసినవాడి సొంత రుచి కోసం వెతుకుతోంది. మనం గొంతు అనేది దాదాపు ఈ చివరిదే. అంటే దిద్దేవాళ్ళు బద్ధకించడం వల్ల వచ్చిన తేడా కాదు. ఒక్కొక్కరూ ఒక్కోదాన్ని చూస్తున్నారు.

మా ఇద్దరి మధ్య జరిగిందీ అదే. నాతోపాటు దిద్దే సహోద్యోగినీ, నేనూ మొదటి రూబ్రిక్‌తో ఒకే కథకు విడివిడిగా మార్కులు వేశాం. ఇంట్లో కుట్టుమిషను అమ్మేసిన రోజు గురించి పదేళ్ళ పాప చెప్పే కథ అది. ఇలా మొదలవుతుంది: "మిషను పోయింది. నేల మీద నాలుగు గుంటలు మిగిలాయి. ఒక్కో గుంటలో ఒక్కో వేలు పెట్టి చూశాను." అక్కణ్ణించి వెనక్కి వెళ్తుంది. మిషను ఎత్తుకెళ్ళే ముందు పాప బాబిన్ తీసి గౌనులో దాచుకుంటుంది. చివర్లో కొన్నవాడు బాబిన్ ఏదని వెనక్కి వస్తాడు. నిర్మాణానికి నేను 5 వేశాను, ఆవిడ 9 వేశారు. "ఆది, మధ్యం, అంతం ఉండాలి" అని నేనే రాసుకున్నాను కాబట్టి, చివరి నుంచి మొదలైన కథ నా లెక్కలో తప్పింది. గొంతు దగ్గర తారుమారు: నాది 8, ఆవిడది 6. "భాష మరీ సాదాగా ఉంది కదండీ" అన్నారు. పదేళ్ళ పాప అంతకంటే ఎలా మాట్లాడుతుంది? కానీ ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు. గొంతంటే అలంకారం కాదని నా పట్టికలో ఎక్కడా లేదు.

ఆ కథను ముందు పెట్టుకునే రెండు వరుసల్నీ మళ్ళీ రాశాం. గొంతుకు ఒకటే పరీక్ష: మధ్యలోంచి ఏదో ఒక పేరా తీసి, పేర్లు కప్పేసి చదివితే, చెబుతున్న మనిషి ఎలాంటివాడో తెలుస్తోందా? ఏ పేరా తీసినా తెలిస్తే 4. తెలుస్తోంది కానీ ఒకటి రెండు చోట్ల ఆ మనిషి పక్కకు తప్పుకుని రచయిత మాట్లాడితే 3. ఎత్తుగడలోనో, సంభాషణల్లోనో మాత్రమే తెలిసి, మిగతా కథనం ఎవరిదైనా కావచ్చనిపిస్తే 2. అసలు తెలియకపోతే 1. నిర్మాణానికి ఇంకో పరీక్ష: మధ్యలోని రెండు పేరాలు అటూ ఇటూ మారిస్తే ఏదైనా చెడుతుందా? ముగింపులో వచ్చే మార్పుకు కారణం ముందే ఎక్కడో కనబడిందా? రెండింటికీ అవును అయితే 4. కారణం కనబడి, ఒక పేరా మాత్రం ఎక్కడున్నా ఒకటే అయితే 3. సంఘటనలు వరుసగా ఉన్నాయి గానీ ఒకదానివల్ల ఇంకొకటి జరగకపోతే 2. వరుస కూడా తెలియకపోతే 1.

కావాలనే నాలుగు మెట్లు పెట్టాను. ఐదుంటే చెయ్యి 3 మీదికే పోతుంది. నాలుగైతే కథ ఇటో అటో తేల్చుకోక తప్పదు. గొంతుకు, నిర్మాణానికి మెట్టును రెండుతో గుణిస్తాను, భాషకు ఒకటితో. మొత్తం 20. శుభ్రతకు మార్కులు లేవు, దస్తూరి మరీ ఘోరంగా ఉంటే తిరిగి రాయిస్తాను.

మిషను కథను కొత్త పట్టికతో మళ్ళీ దిద్దాం. గొంతు: ఇద్దరమూ 3. ఎందుకంటే నాలుగో పేరాలో ఉన్నట్టుండి "ఆర్థిక పరిస్థితుల ప్రభావం వలన అమ్మ తీవ్ర మనోవేదనకు గురైనది" అని వస్తుంది. పాప మాయమై వార్తాపత్రిక మాట్లాడింది. ఆ వాక్యం కింద గీత గీసి చూపిస్తే, రాసిన అమ్మాయి ఇంకేమీ అడగలేదు. నిర్మాణం: ఇద్దరమూ 4. బాబిన్ పేరాను కదిపితే ముగింపే ఉండదు. భాష 3. మొత్తం 6, 8, 3 కలిపి 17.

పట్టిక ఎంత బాగున్నా వాడే పద్ధతి చెడగొడుతుంది. ఒక కథ తీసుకుని అడ్డంగా అన్ని వరుసలూ నింపుకుంటూ పోతే గొంతులో వేసిన 4 నిర్మాణంలోకి పాకుతుంది. నేను ముందు అన్ని కథలకూ గొంతు ఒక్కటే వేస్తాను. తర్వాత కట్టను కలిపేసి, మొదటి నుంచి నిర్మాణం చూస్తాను. రెండుసార్లు చదవాలి కాబట్టి ఎక్కువ పనిలా కనిపిస్తుంది. కానీ ఒకే ప్రశ్నతో చదవడం వల్ల కథకు పన్నెండు నిమిషాలు పట్టేది ఏడెనిమిదికి దిగింది. దిద్దడం మొదలుపెట్టే ముందు మూడు కథలు ఇద్దరం విడివిడిగా దిద్దుకుంటాం. ఒక మెట్టు తేడా వస్తే మాట్లాడుకుంటాం. రెండు మెట్లు వస్తే తప్పు పట్టిక మాటల్లో ఉందని లెక్క.

ఇక దెబ్బలు. రూబ్రిక్‌ను పిల్లలకు ముందే ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది కథల నిండా "అబ్బో", "ఏంటో మరి", "అంతే కదా" వరదలా వచ్చాయి. గొంతంటే ఊతపదాలనుకున్నారు, పాపం. గొంతు వరుస కింద ఒక వాక్యం చేర్చాను: "ఈ మనిషి గదిలోకి రాగానే దేన్ని ముందు గమనిస్తాడో అదే గొంతు." దాంతోపాటు మిషను కథ మొదటి పేరా, వార్తాపత్రిక వాక్యం పక్కపక్కన పెట్టి ఇస్తున్నాను. వరద తగ్గింది. పూర్తిగా ఆగలేదు. మాండలికంలో రాసే పిల్లల విషయంలో కూడా ముందు తడబడ్డాను. ఇప్పుడు కథంతా ఒకే తీరులో నడిస్తే భాష వరుసలో కోత లేదు. "పోయిండు" పక్కన కారణం లేకుండా "వెళ్ళెను" వస్తేనే గొంతులో మెట్టు తగ్గుతుంది.

ఈ పట్టికకు లొంగని కథలూ ఉన్నాయి. పోయిన ఏడు ఒక కుర్రాడు కథంతా పారేసుకున్న వస్తువుల జాబితాగా రాశాడు. మధ్యలో ఏ రెండు అంశాలు అటూ ఇటూ మార్చినా ఏమీ చెడదు. లెక్క ప్రకారం నిర్మాణానికి 2. కానీ జాబితాలో చివరి మూడు వస్తువులూ ఒకే మనిషివని చదివేవాడికి మెల్లగా అర్థమవుతుంది. 2 వేయడానికి చెయ్యి రాలేదు. సహోద్యోగినికి చూపిస్తే ఆవిడా 2 వేయలేనన్నారు. మార్పుకు కారణం ముందే కనబడిందన్న రెండో ప్రశ్నను ఆధారం చేసుకుని 3 వేసి, ఎందుకో పక్కన రెండు వాక్యాలు రాశాను. ఈసారి పేరాల పరీక్షకు "కథ రూపమే వరుసను అక్కర్లేదంటే రెండో ప్రశ్న ఒక్కటే చూడాలి" అని చేర్చాను. వచ్చే కట్టలో కనీసం పది జాబితా కథలైనా ఉంటాయని నా అనుమానం.