కుంకుమ మరకకు సబ్బా, నిమ్మకాయా, స్పిరిట్టా: ఏది మేలు?

తెల్ల పంచె మీద కుంకుమ ఒలికితే చాలామంది వెంటనే నీళ్లు పోస్తారు. మరక బట్టలోకి దిగేది అప్పుడే. పొడిగా ఉన్నంతసేపు కుంకుమ నూలు పోగుల మీదే ఉంటుంది, తడి తగిలితే రంగు కరిగి పోగుల్లోకి పోతుంది. అందుకే ముందు బట్టను బయటికి తీసుకెళ్లి గట్టిగా దులపాలి. ఇంకా మిగిలిన పొడిని అంటుకునే టేపుతో అద్ది తీయాలి. చేత్తో మాత్రం రుద్దకూడదు.

ఆ తర్వాత అందరూ అందుకునేది బట్టల సబ్బు. కుంకుమకు నేనైతే దాన్ని చివరికి ఉంచుతాను. పసుపుకు సున్నం కలిపితే ఎరుపెక్కడం అందరూ చూసిందే. సబ్బులోనూ, వంట సోడాలోనూ సున్నంలాగే క్షార గుణం ఉంది కాబట్టి పసుపుతో చేసిన కుంకుమ మరక సబ్బు తగిలితే ఇంకా ఎర్రబడుతుంది. పైగా కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో చాలాచోట్ల వాడేది బోరు నీళ్లు. ఆ గడుసు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి జిడ్డుగా బట్టకే పట్టుకుంటుంది.

నిమ్మరసం సున్నపు పసుపు ఎరుపును క్షణంలో పసుపు రంగుకు తిప్పేస్తుంది. చూడటానికి మరక పోయినట్లే ఉంటుంది గానీ రంగు అక్కడే ఉంటుంది. మళ్లీ సబ్బు తగిలితే మళ్లీ ఎర్రబడుతుంది. అయితే పసుపు రంగు ఎండకు నిలవదు. తెల్ల బట్టకు నిమ్మరసం రాసి, కడిగి, రాయలసీమ ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. బజారు కుంకుమల్లో చాలావాటికి కృత్రిమ రంగే ఆధారం. వాటి మీద నిమ్మకాయ ప్రభావం పెద్దగా ఉండదు.

మీ ఇంట్లోది ఏ రకమో మరక మీదే పరీక్షించనక్కర్లేదు. భరిణెలోంచి చిటికెడు తీసి ఒక గిన్నెలో నిమ్మరసంతో, ఇంకో గిన్నెలో స్పిరిట్‌తో కలపండి. నిమ్మరసంలో పసుపుగా మారితే సున్నంతో చేసిన పసుపు కుంకుమ. మారకుండా, స్పిరిట్ గులాబీ రంగుకు తిరిగితే రంగు కలిపినది. రెండింటికీ పనికొచ్చేది స్పిరిట్టే. ఎందుకంటే పసుపులోని రంగూ, ఇలాంటి కృత్రిమ రంగుల్లో ఎక్కువ భాగమూ అందులో కరుగుతాయి. అందుకే నా ఓటు దానికే.

పంచె అంచున రూపాయి బిళ్లంత మరక ఉందనుకోండి. మరక ఉన్న వైపు కిందికి వచ్చేలా పాత తువ్వాలు మీద పరచండి. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో దూది ముంచి వెనక వైపు నుంచి అద్దండి. రంగు తువ్వాలులోకి దిగుతుంది. తువ్వాలును జరుపుతూ, దూది మారుస్తూ, ఎరుపు దిగడం ఆగేదాకా చేయాలి. తర్వాత చల్లటి నీళ్లతో జాడించండి. లేత ఛాయ మిగిలితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి అరగంట ఉంచి, కడిగి, ఎండలో వేయాలి. మరక పూర్తిగా పోయేదాకా వేడి నీళ్లూ ఇస్త్రీ పెట్టె వద్దు. రంగు చీరైతే ముందు లోపలి మడతలో ఒక చుక్క వేసి చూసుకోవాలి. ఇంకో మాట: స్పిరిట్ పని దేవుడి గదిలో, దీపం దగ్గర చేయకండి. దాని ఆవిరికి కూడా నిప్పు అంటుకుంటుంది.

సింధూరం సంగతి వేరు. కసాపురం ఆంజనేయుడి గుడికో గండి ఆంజనేయుడి గుడికో వెళ్లొచ్చినప్పుడు చొక్కాకు అంటిన నూనె సింధూరానికి ముందు ఆ నూనె వదలాలి. మొహానికి రాసుకునే పౌడరు చల్లి కాసేపు ఉంచి దులిపేయండి. తర్వాత అంట్లు తోమే ద్రవం నేరుగా రాసి మెల్లగా నలపండి. ఇక్కడ స్పిరిట్ కంటే ఇదే మేలు, ఎందుకంటే ఖనిజపు రంగు స్పిరిట్‌లో కరగదు. కొన్ని సింధూరాల్లో సీసం, పాదరసం ఉంటాయి కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి, ఆ చొక్కాను పసిపిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

కుంకుమ నేల మీద ఒలికితే, లేత రంగు టైల్స్‌లో మెరుపు పూత ఉన్నవాటికి తడి గుడ్డ చాలు. పాలిష్ చేసిన టైల్స్‌లో సన్నటి రంధ్రాలు ఉంటాయి, అతుకుల్లోని సిమెంటు అంతకంటే ఎక్కువ పీల్చుకుంటుంది. అక్కడ కూడా మొదట స్పిరిట్. అయినా గులాబీ ఛాయ ఉంటే మొహానికి రాసుకునే పౌడరును పెరాక్సైడ్‌తో ముద్దగా కలిపి మరక మీద మందంగా పరచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా వదిలేయండి. ముద్ద రంగును పైకి లాగుతుంది. అతుకులను పాత పళ్ల బ్రష్‌తో తోమితే సరి.

నేల బేతంచెర్ల బండో కడప బండో అయితే నిమ్మరసం, వెనిగర్, టాయిలెట్ యాసిడ్ ఏదీ ముట్టించకండి. అవి సున్నపురాతి జాతి కాబట్టి పులుపు తగిలిన చోట నునుపు పోయి మచ్చ పడుతుంది, ఆ మచ్చ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. బ్లీచింగ్ పౌడరు వాడిన చోట యాసిడ్ గానీ నిమ్మరసం గానీ అసలే పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరి ఆడదు.